తప్పుకు ముందే సిద్ధమయ్యే సాకు

సత్యం కంప్యూటర్స్ చైర్మన్ బి. రామలింగరాజు 2009 జనవరి 7న తన డైరెక్టర్ల బోర్డుకు రాసిన లేఖను ఆ రోజు అందరూ అంకెల కోసమే చదివారు. చదవాల్సిన అంకెలే అవి. నగదు, బ్యాంకు నిల్వల కింద పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల రూపాయల్లో 5,040 కోట్లు అసలు లేవు. లేని సొమ్ముపై 376 కోట్ల వడ్డీ రావలసి ఉన్నట్టు రాసుకున్నారు. 1,230 కోట్ల అప్పు పుస్తకాలకు ఎక్కనే లేదు. రావలసిన బాకీలను మరో 490 కోట్లు పెంచి చూపారు. అంతకుముందు రోజు 179 రూపాయలున్న షేరు ఆ సాయంత్రానికి 40 రూపాయల లోపుకు పడిపోయింది.

అంకెలను పక్కనబెట్టి, వాటి మధ్య ఉన్న వాక్యాలను చదివితే ఆ లేఖలో ఇంకో సంగతి కనిపిస్తుంది. అసలు లాభానికీ పుస్తకాల్లో చూపిన లాభానికీ మధ్య తేడా మొదట్లో చాలా కొద్దిదేనని, ఏళ్లు గడిచేకొద్దీ అది పెరుగుతూ పోయిందని అందులో ఉంది. కంపెనీ నుంచి తానుగానీ మేనేజింగ్ డైరెక్టర్‌గానీ ఒక్క రూపాయి తీసుకోలేదని ఉంది. ఫలితాలు తగ్గితే కంపెనీ ఇతరుల చేతుల్లోకి పోతుందన్న భయం గురించి ఉంది. పులి మీద స్వారీ చేస్తున్నవాడికి దిగితే అది తినేస్తుందేమోనన్న భయం ఉన్నట్టే తన పరిస్థితీ ఉందన్న పోలిక ఉంది. నేరాన్ని ఒప్పుకుంటూ రాసిన పత్రంలోనే ఆ నేరం ఎందుకు అంత పెద్దది కాదో, ఎందుకు తప్పనిసరి అయిందో చెప్పే వాక్యాలూ ఉన్నాయి. మోసం బయటపడ్డాక రాసిన సంజాయిషీలో ఇలాంటివి ఉండడం సహజమేనని చాలామంది అనుకుంటారు. నేను ఆ వాక్యాలను మరో ప్రశ్నతో చదువుతాను. ఇవి లేఖ రాసేటప్పుడు పుట్టిన మాటలా, లేక ఏళ్ల క్రితం మొదటి తప్పుడు అంకె రాయడానికి ముందే మనసులో చోటు చేసుకున్న మాటలా?

నేరశాస్త్రంలో ఈ ప్రశ్నకు డెబ్బై ఏళ్ల చరిత్ర ఉంది. 1957లో గ్రెషమ్ సైక్స్, డేవిడ్ మాట్జా అనే ఇద్దరు అమెరికన్ సమాజశాస్త్రజ్ఞులు ఒక చిన్న వ్యాసం రాశారు. అప్పటికి ప్రచారంలో ఉన్న అభిప్రాయం వేరు. దారితప్పిన కుర్రాళ్లకు తమదైన లోకం ఉంటుందని, మనం మంచి అనుకున్నది వారికి చెడ్డగా, మనం చెడ్డ అనుకున్నది వారికి మంచిగా కనిపిస్తుందని పండితులు చెప్పేవారు. సైక్స్, మాట్జా అడిగినది సూటి ప్రశ్న. అదే నిజమైతే పట్టుబడినప్పుడు వాళ్లలో చాలామందికి సిగ్గు ఎందుకు? నిజాయితీపరులను వాళ్లే ఎందుకు గౌరవిస్తారు? ఎవరి జోలికి పోవచ్చు, ఎవరి జోలికి పోకూడదు అన్న గీత ఎందుకు గీసుకుంటారు? వాళ్లు మన నీతిని తిరస్కరించినవాళ్లు కారు, ఆ నీతిని నమ్ముతూనే దానిని ఉల్లంఘించే దారి వెతుక్కున్నవాళ్లు అన్నది ఆ ఇద్దరి జవాబు. మనస్సాక్షి అడ్డుపడకుండా దాన్ని కాసేపు పక్కకు తప్పించే ఆ దారులకే తటస్థీకరణ పద్ధతులు అని పేరు పెట్టారు.

వారు ఐదు చెప్పారు. బాధ్యత నాది కాదనడం, నష్టం ఎవరికీ జరగలేదనడం, నష్టపోయినవాడు దానికి తగినవాడేననడం, తప్పుపట్టేవాళ్లే దొంగలనడం, ఇంతకంటే పెద్ద విధేయత కోసం చేశాననడం. తర్వాతివాళ్లు ఈ వరుసకు ఇంకొన్ని చేర్చారు. అయితే ఐదింటి పేర్లకన్నా ఆ వ్యాసంలోని మరో గమనిక నాకు ముఖ్యంగా తోస్తుంది. ఈ సాకులను నేరస్తుడు శూన్యంలోంచి పుట్టించడు. నేరానికి చట్టమే ఒప్పుకునే మినహాయింపులను తీసుకుని, అవి వర్తించని చోటికి సాగదీస్తాడు.

మన చట్టం తెలిసినవారికి ఈ మాట వెంటనే అందుతుంది. భారతీయ శిక్షాస్మృతి నాలుగో అధ్యాయమంతా ఇలాంటి మినహాయింపులే. ఇప్పుడవి భారతీయ న్యాయ సంహిత మూడో అధ్యాయంలో ఉన్నాయి. ప్రమాదవశాత్తు జరిగినది నేరం కాదనేది పాత 80వ సెక్షన్. పెద్ద హాని తప్పించడానికి చిత్తశుద్ధితో చేసిన చిన్న హాని నేరం కాదనేది 81. మామూలు మనిషి ఎవరూ ఫిర్యాదు చేయనంత స్వల్పమైన హాని నేరం కాదనేది 95. ఆ తర్వాతి సెక్షన్లు ఆత్మరక్షణ గురించి. బాధ్యత నాది కాదనేవాడు 80వ సెక్షన్ నీడలో నిలబడాలని చూస్తాడు. ఎవరికీ నష్టం లేదనేవాడు 95ను, కంపెనీని కాపాడాలనుకున్నాననేవాడు 81ను తనకు తోచినట్టు చదువుకుంటాడు. సాకు వినడానికి అంత సహేతుకంగా ఉండటానికి కారణం ఇదే. దాని వేరు నిజమైన న్యాయసూత్రంలో ఉంది. చట్టం ఆ మినహాయింపుకు పెట్టిన షరతులను మాత్రం మనసు తీసేస్తుంది.

ఇప్పుడు మళ్లీ ఆ లేఖ దగ్గరికి వద్దాం. దానిలో అన్నిటికంటే ఎక్కువగా పనిచేసినది వాక్యనిర్మాణం. తేడా ఏర్పడింది, అది అదుపు తప్పే స్థాయికి చేరింది, దాన్ని పూడ్చే ప్రతి ప్రయత్నం విఫలమైంది అనే ధోరణిలో అసలు భాగం సాగుతుంది. ఆ వాక్యాల్లో కర్త తేడాయే. తేడా పుడుతుంది, పెరుగుతుంది, మింగేస్తుంది. మనుషులు దాని వెనక పరుగెత్తుతుంటారు. కానీ లెక్కల్లో తేడా దానంతట అది పుట్టదు. ఒక త్రైమాసికంలో ఎవరో ఒక బిల్లును సృష్టించాలి. లేని కస్టమరు లేదా జరగని పని పేరున ఆదాయం రాయాలి. ఆ ఆదాయానికి తగినట్టు రావలసిన బాకీ చూపాలి. బాకీ ఎల్లకాలం నిలవకూడదు కాబట్టి కొంతకాలానికి డబ్బు వచ్చినట్టు రాయాలి. డబ్బు వచ్చిందంటే బ్యాంకులో ఉండాలి, కాబట్టి బ్యాంకు కాగితం తయారుచేయాలి. అంత డబ్బు ఖాళీగా ఉంచితే అనుమానం వస్తుంది, కాబట్టి డిపాజిట్ చేసినట్టు చూపి వడ్డీ కూడా రాసుకోవాలి. ఏడు వేలకు పైగా దొంగ బిల్లులు ఉన్నట్టు సీబీఐ దర్యాప్తు తేల్చింది. ఒక్కొక్క బిల్లు ఒక మనిషి కూర్చుని చేసిన పని. పులి పోలిక ఆ మనిషిని కనపడకుండా చేస్తుంది. పులి ఎక్కడో అడవిలోంచి వచ్చినట్టు ఉంటుంది తప్ప, రోజూ మేత వేసి దాన్ని పెంచినవాడు ఆ పోలికలో ఉండడు.

లేఖలో క్షమాపణ కూడా ఉంది. ఉద్యోగులను, భాగస్వాములను మనస్ఫూర్తిగా క్షమించమని అడిగారు. కానీ ఏం చేసినందుకు? ఏర్పడిన ఈ పరిస్థితికి. చేసిన పనికి కాకుండా పరిస్థితికి క్షమాపణ చెప్పడం మన బహిరంగ జీవితంలో ఎంతగా అలవాటైందంటే దాన్ని ఎవరూ గమనించరు. చెప్పేవాడు కూడా గమనించడన్నది నా అభిప్రాయం. ఇది మోసం చేయడానికి పన్నిన ఎత్తు కానక్కరలేదు. ఆ మనిషి చాలాకాలంగా తనతో తాను మాట్లాడుకున్న భాషే అది కావచ్చు.

ఒక్క రూపాయి తీసుకోలేదన్న మాటను తేలిగ్గా కొట్టిపారేయడం కుదరదు. కంపెనీ ఖజానా నుంచి నేరుగా తీసుకోవడం ఒక్కటే దోపిడి అని నమ్మినవాడు ఆ మాటను నిజాయితీగానే అనగలడు. కానీ పెంచి చూపిన లాభాలు షేరు ధరను పెంచుతాయి. ఆ ధర మీదే ప్రమోటర్లు షేర్లు అమ్మారు, తాకట్టు పెట్టారు. రాజుతో పాటు మరికొందరు కలిసి 1,849 కోట్ల రూపాయల అక్రమ లబ్ధి పొందారని, దాన్ని వడ్డీతో కట్టాలని 2014లో సెబీ ఆదేశించింది. ఆ మొత్తం మీద అప్పిలేట్ ట్రిబ్యునల్‌లో సవాళ్లు సాగి, లెక్క మళ్లీ కట్టాల్సి వచ్చింది. క్రిమినల్ కేసులో 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ ప్రత్యేక కోర్టు రాజుతో సహా పదిమందిని దోషులుగా తేల్చి ఏడేళ్ల శిక్ష వేసింది. నెలరోజులకు అప్పీలుపై సెషన్స్ కోర్టు ఆ శిక్ష అమలును నిలిపివేసింది. ఈ తీర్పుల మంచిచెడ్డలు నా విషయం కాదు. నష్టం అన్న మాటకు ఎంత ఇరుకైన అర్థం ఇచ్చుకుంటే మనసు కుదుటపడుతుందో చూపడానికే వీటిని చెప్పాను. ఆ ఇరుకైన అర్థంలో ఆ ఉదయం 179 రూపాయల షేరు చేతిలో ఉన్న చిన్న మదుపరి ఎక్కడా కనిపించడు.

ఐదింటిలో ఒకటి ఆ లేఖలో లేదని కూడా చెప్పాలి. తనను తప్పుపట్టబోయేవారి మీద ఎదురుదాడి అందులో లేదు. చట్టం ముందు నిలబడటానికి సిద్ధమేనని ఉంది. పాత, కొత్త బోర్డు సభ్యులెవరికీ ఈ సంగతి తెలియదని ఉంది. సిద్ధాంతం దొరికింది కదా అని ప్రతి నేరస్తుడిలోనూ ఐదు సాకులూ వెతికితే దొరకని చోట కూడా దొరికినట్టు అనిపిస్తుంది. పద్ధతి నేరాన్ని బట్టి మారుతుంది. లెక్కల మోసంలో బాధ్యత, నష్టం గురించిన సాకులు ముందుంటాయి. నష్టపోయినవాడు దానికి తగినవాడే అన్న సాకు భార్యను కొట్టేవాడి నోట, పరువు పేరుతో కూతురిని చంపేవాడి నోట ఎక్కువగా వినిపిస్తుంది.

ఆ లేఖ తర్వాత రాసినది. అది మొదటి త్రైమాసికంలో మనసులో ఏముందో రుజువు చేయలేదు. అందుకు ఇంకొక పుస్తకం సాయపడుతుంది. డొనాల్డ్ క్రెసీ 1953లో ‘అదర్ పీపుల్స్ మనీ’ ప్రచురించాడు. నమ్మి అప్పగించిన సొమ్మును వాడుకుని జైలుకొచ్చిన ఖైదీలను ఇల్లినాయ్, కాలిఫోర్నియా, ఇండియానా జైళ్లలో అతడు సుదీర్ఘంగా మాట్లాడించాడు. అతడి షరతు ఒకటే. ఉద్యోగంలో చేరేటప్పుడు మంచి ఉద్దేశంతోనే చేరినవాడై ఉండాలి. కొట్టేయడానికే చేరినవాళ్లను వదిలేశాడు. ఏదైనా ఒక ఖైదీ కథ తన ఊహకు సరిపోకపోతే ఊహను మార్చుకుని మళ్లీ మొదటి నుంచి సరిచూశాడు. అలా చాలాసార్లు మార్చాక మూడు విషయాలు మిగిలాయి. ఎవరికీ చెప్పుకోలేని ఆర్థిక ఇబ్బంది ఉండాలి. ఆ సొమ్మును గుట్టుగా వాడి ఇబ్బంది తీర్చుకునే వీలు కనిపించాలి. మూడోది, తాను నమ్మకస్తుడినేనన్న భావనను పోగొట్టుకోకుండా ఆ పని చేయనిచ్చే మాట ఒకటి తనకు తాను చెప్పుకోగలగాలి.

ఆ మూడోది లేకపోతే మిగతా రెండూ ఉన్నా పని జరగలేదన్నది క్రెసీ చెప్పిన ముఖ్యమైన సంగతి. ఆ ఖైదీల్లోనే కొందరికి అంతకుముందు కూడా ఇబ్బంది వచ్చింది, తాళంచెవి కూడా చేతిలోనే ఉంది, అయినా ముట్టలేదు. అంటే మాట తర్వాత వచ్చిన అలంకారం కాదు, తలుపు తీసిన చేయి. వాళ్లలో ఎక్కువమంది చెప్పుకున్న మాట మనకు బాగా పరిచయమైనదే. దొంగతనం చేయడం లేదు, వాడుకుంటున్నాను, మళ్లీ పెట్టేస్తాను. సొంత అవసరానికి ఇరుగుపొరుగు నుంచి చేబదులు తీసుకున్నట్టే.

ఒక గ్రామీణ సహకార సంఘంలో ఇది ఎలా నడుస్తుందో చూద్దాం. మనిషి కల్పితమే గాని దారి ఆడిటర్లందరికీ తెలిసినదే. సంఘం కార్యదర్శి ఆన్‌లైన్ రమ్మీలో ఓడిపోయాడు. ఇంట్లో చెప్పలేడు, ఊళ్లో అసలే చెప్పలేడు. సోమవారం ఒక సభ్యుడు అప్పు కింద 18,000 రూపాయలు కట్టాడు. కార్యదర్శి రసీదు ఇచ్చాడు గాని సొమ్ము ఆ రోజు పుస్తకంలో ఎక్కించలేదు. జీతం రాగానే కట్టేస్తాననుకున్నాడు. ఆ అనుకోవడంలో అబద్ధం లేదు. జీతం వేరే అవసరాలకు పోయింది. తర్వాతి సోమవారం మరో సభ్యుడు 25,000 కట్టాడు. అందులోంచి 18,000 మొదటివాడి ఖాతాలో వేసి, మిగిలిన 7,000 తాను ఉంచుకున్నాడు. ఇప్పుడు రెండోవాడి ఖాతాలో 25,000 లోటు. ఇలా ఒకరి సొమ్ముతో ఇంకొకరి ఖాతా పూడ్చుకుంటూ పోవడాన్ని ఆడిటర్లు టీమింగ్ అండ్ లేడింగ్ అంటారు. అతడి దృష్టిలో మాత్రం మొదటి సభ్యుడికి సొమ్ము అందింది, ఎవరి బాకీ వాళ్లకు చెల్లుతూనే ఉంది. ఆర్నెల్లు గడిచాక లోటు లక్షలు దాటినా, మొదట చెప్పుకున్న మాట మారదు. సర్దేస్తాను.

ఈ సాకుకు చట్టం 1860లోనే జవాబు రాసిపెట్టింది. శిక్షాస్మృతి 403వ సెక్షన్ మొదటి వివరణ ప్రకారం కొద్దికాలానికి మాత్రమే దురుద్దేశంతో వాడుకున్నా అది దుర్వినియోగమే. అందులో ఇచ్చిన ఉదాహరణ కూడా స్పష్టంగా ఉంటుంది. ఒకరికి మరొకరి ప్రభుత్వ ప్రామిసరీ నోటు దొరికింది. అది ఎవరిదో తెలిసినా, ఎప్పటికైనా తిరిగిచ్చేద్దామనే ఉద్దేశంతోనే దాన్ని బ్యాంకరు దగ్గర కుదువపెట్టి అప్పు తెచ్చుకున్నాడు. అయినా నేరం జరిగినట్టే. కొత్త సంహితలో ఇది 314వ సెక్షన్. చట్టం రాసినవారికి ఈ మాట ఎంత సహజంగా నోటికొస్తుందో తెలుసు కాబట్టే దానికి విడిగా వివరణ రాశారు. సహకార సంఘాలు, చిట్‌ఫండ్‌లు, బ్యాంకు శాఖలు తమ సిబ్బంది శిక్షణలో ఆ ఒక్క వివరణను చదివి వినిపిస్తాయా అంటే నాకు అనుమానమే. మోసం చేయకండి అన్న బోధన సర్దేద్దామనుకునేవాణ్ని తాకదు. అతడు మోసం చేస్తున్నానని అనుకోవడం లేదు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. క్రెసీ మాట్లాడినవాళ్లంతా పట్టుబడి జైలుకొచ్చినవాళ్లు. ముందే చెప్పుకున్నామని వాళ్లు అనుకున్న మాట, విచారణలో వందసార్లు చెప్పి చెప్పి ముందు నుంచీ ఉన్నట్టు గుర్తుండిపోయిన మాట కావచ్చు. 1969లో ట్రావిస్ హిర్షి ఈ వైపు నుంచే చూశాడు. పని ముందు, సాకు తర్వాత అనుకోవడమే సబబుగా ఉంటుందని, అయితే ఒక నేరం తర్వాత పుట్టిన సాకు రెండో నేరానికి ముందున్న సాకు అవుతుందని అతడు రాశాడు. 1994లో రాబర్ట్ ఆగ్న్యూ అమెరికాలోని యువకులను కాలక్రమంలో గమనించిన సర్వేను విశ్లేషించాడు. హింసను సమర్థించేవాళ్లు చాలా తక్కువ. కానీ ఫలానా సందర్భంలో అయితే తప్పులేదు అనేవాళ్లు చాలామంది. అలా అన్నవాళ్లు తర్వాత హింసకు దిగే అవకాశం కొంత పెరిగింది. హింసను తప్పనుకునేవాళ్లలోనే ఈ ప్రభావం ఎక్కువగా కనిపించింది. మనస్సాక్షి లేనివాడికి దాన్ని పక్కకు తప్పించాల్సిన అవసరమే లేదు కదా.

ముందా, తర్వాతా అన్న వివాదం ఒక్కసారే జరిగే నేరానికి సంబంధించినంతవరకే పెద్దది. త్రైమాసికం తర్వాత త్రైమాసికం, సోమవారం తర్వాత సోమవారం జరిగే నేరంలో ఆ రెండూ ఒకటే. డిసెంబరు తేడాను కప్పిపుచ్చడానికి చెప్పుకున్న మాట మార్చి తేడాకు అనుమతి అవుతుంది. సత్యం లేఖలోని 2008 సెప్టెంబరు త్రైమాసికం లెక్క చూడండి. ప్రకటించిన ఆదాయం 2,700 కోట్లు, అసలు ఆదాయం 2,112 కోట్లు. ప్రకటించిన నిర్వహణ లాభం 649 కోట్లు, అసలు లాభం 61 కోట్లు. నూటికి మూడు రూపాయల లాభాన్ని ఇరవైనాలుగుగా చూపడం ఎవరూ ఒక్కరోజు కూర్చుని నిర్ణయించే విషయం కాదు. మొదటి రోజే ఆ సంఖ్య ఎదుట పెడితే ఆ మనిషే వెనక్కి తగ్గి ఉండేవాడనుకుంటాను. ప్రతి మెట్టు దగ్గరా అంతకుముందు మెట్టు సాకు సిద్ధంగా ఉంది, కొత్తగా మోయాల్సిన బరువు కొంచెమే. పెంచి చూపిన పరిమాణానికి తగినట్టు వనరులు, ఆస్తులు పెట్టుకోవాల్సి వచ్చి ఖర్చు మరింత పెరిగిందని లేఖే చెబుతోంది. అబద్ధాన్ని నిలబెట్టే ఖర్చు నిజమైన లాభాన్ని తినేసింది, దాంతో అబద్ధం ఇంకా పెద్దది కావలసి వచ్చింది.

ఇలా ఏళ్ల తరబడి వాడుకున్నవాళ్ల గురించి క్రెసీ రాసిన ఒక భాగం నన్ను చాలా ఆలోచింపజేసింది. ఒకానొక రోజు వాళ్లకు తెలిసిపోతుంది, ఇది ఇక తిరిగి కట్టగలిగే సొమ్ము కాదని. చేబదులు అన్న మాట ఆ రోజు పనిచేయడం మానేస్తుంది. అప్పటిదాకా ఉన్న జాగ్రత్త పోతుంది. కొందరు తామే వెళ్లి ఒప్పుకుంటారు, కొందరు పారిపోతారు, మరికొందరు తెగించి ఒక పెద్ద పందెం వేస్తారు. 2008 డిసెంబరు 16న సత్యం బోర్డు, రాజు కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను దాదాపు 160 కోట్ల డాలర్లకు కొనాలని తీర్మానించి, మదుపరుల ఆగ్రహంతో వెంటనే వెనక్కి తీసుకుంది. లేని ఆస్తుల స్థానంలో నిజమైన ఆస్తులను పెట్టే చివరి ప్రయత్నం అదేనని లేఖ ఒప్పుకుంది. మూడు వారాలకు లేఖ వచ్చింది. పందెం, ఆ తర్వాత ఒప్పుకోలు, క్రెసీ ఖైదీల కథల్లో ఉన్న వరుసే.

సాకు నేరస్తుడి తలలోనే పుట్టి అక్కడే ఉండిపోదు. కార్ల్ క్లాకార్స్ అనే పరిశోధకుడు 1974లో దొంగసొత్తు కొని అమ్మే ఒక వ్యాపారి గురించి రాశాడు. తన జీవితాన్ని జమాఖర్చుల పుస్తకంలా చూసుకునే ఆ మనిషి, చేసిన మేలు జమలో ఎక్కువుంది కాబట్టి ఖర్చు వైపు కాస్త ఉన్నా ఫర్వాలేదని నమ్మాడు. సత్యం విషయంలో ఈ లెక్క రాజు వేసుకున్నారో లేదో నేను చెప్పలేను. కానీ మన సమాజం ఆయన కోసం వేసింది. 2005లో ఆయన నెలకొల్పిన సంస్థ ద్వారానే 108 అంబులెన్సులు రోడ్డెక్కాయి. గోదావరి జిల్లాల పల్లెల్లో ఆయన కుటుంబ ఫౌండేషన్ పనిచేసింది. 108 వల్ల నిలిచిన ప్రాణాలు నిజం. ఆ రోజుల్లో మన దగ్గర ఎన్నో సంభాషణల్లో ఆ మంచిని ఈ మోసం పక్కన పెట్టి తూచడం వినిపించింది. రెండూ వేర్వేరు ఖాతాలు, ఒకదానిలోని జమ మరోదానిలోని బాకీని చెల్లించదు. నష్టపోయిన మదుపరికి అంబులెన్సు సేవ వల్ల ఒక్క రూపాయి రాలేదు. నాకు బాధ కలిగించేది ఇంకొకటి. అలాంటి మాటలు గాలిలో ఉన్నప్పుడే రేపటి నేరస్తుడు వాటిని నేర్చుకుంటాడు. ఊళ్లో గుడికి మంటపం కట్టించిన కాంట్రాక్టరును నాసిరకం రోడ్డు గురించి అడగకూడదని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగినవాడికి ఆ సాకును కొత్తగా కనిపెట్టాల్సిన పనే ఉండదు.

ఆడిట్ ప్రమాణాలకు ఈ సంగతంతా తెలుసు. మన దేశంలో అమల్లో ఉన్న ఎస్‌ఏ 240 ప్రమాణం మోసానికి మూడు మూలాలు చూడమంటుంది. ఒత్తిడి, అవకాశం, సమర్థించుకునే వైఖరి. క్రెసీ మూడు మాటల వారసత్వమే ఇది. అయితే మూడోది ఆడిటరు కంటికి కనిపించకపోవచ్చని అదే ప్రమాణం ఒప్పుకుంటుంది. మనసు కనిపించదు నిజమే, దాని జాడలు కనిపిస్తాయి. షేరు ధర గురించి, లాభాల పెరుగుదల గురించి యాజమాన్యానికి అతి ఆసక్తి ఉండడం, విశ్లేషకులకు సాధ్యం కాని హామీలివ్వడం, తెలిసిన లోపాన్ని సరిచేయకుండా నాన్చడం, చిల్లర దొంగతనాలను చూసీచూడనట్టు వదలడం ఆ ప్రమాణం ఇచ్చిన జాడల్లో కొన్ని. మన సహకార సంఘంలో అయితే రసీదు తేదీకి, పుస్తకంలో ఎక్కిన తేదీకి మధ్య ఎడం, ఏళ్ల తరబడి సెలవు పెట్టని కార్యదర్శి. అతడు ఒక వారం సెలవు పెడితే గొలుసు తెగుతుంది, కాబట్టి పెట్టలేడు. అందుకే బ్యాంకుల్లో తప్పనిసరి సెలవు నిబంధన ఉంటుంది. ఉద్యోగి విశ్రాంతికన్నా దాని అసలు ప్రయోజనం ఇదే.

సత్యంలో ఆడిటర్ల వైఫల్యం కూడా ఇదే కోణంలో చూడదగ్గది. దోషులుగా తేలిన పదిమందిలో ఇద్దరు ఆడిటర్లు. బ్యాంకు నిల్వల ధ్రువీకరణ పత్రాలను ఆడిటరు నేరుగా బ్యాంకుకు పంపి నేరుగా తెప్పించుకోవాలి. ఆ పనిని కంపెనీ యాజమాన్యం చేతిలోనే పెట్టేశారని, ఇది సత్యం ఒక్కదానికే పరిమితమైన లోపం కాదని అమెరికా నియంత్రణ సంస్థలు 2011లో తేల్చాయి. అలా వదిలేసిన ప్రతి ఆడిటరూ మోసంలో భాగస్వామి కానక్కరలేదు. పాత క్లయింటు, పేరున్న కంపెనీ, కాగితం వాళ్లే తెప్పిస్తామంటున్నారు, అందరూ చేసేదే అనుకుంటే చాలు. 2008లో సుపరిపాలనకు గోల్డెన్ పీకాక్ అవార్డు అందుకున్న కంపెనీని అనుమానించడం మర్యాద కాదేమో కూడా. ఈ మాటలు నేరస్తుడి సాకులంత పెద్దవి కావు గాని పనితీరు ఒక్కటే. నియమాన్ని కాదనరు, ఈ ఒక్కసారికి ఇక్కడ వర్తించదంటారు.

మరి సాకులు చెప్పేవాణ్ని ఏం చేయాలి? జైళ్లలో, శిక్ష తర్వాతి పర్యవేక్షణలో చాలాకాలంగా నడిచిన పద్ధతి సాకును విరగ్గొట్టడమే. తప్పంతా నాదేనని నోటితో చెప్పించేదాకా వదలరు. షాడ్ మరూనా వంటి పరిశోధకులు దీన్ని ప్రశ్నించారు, వారి వాదనలో బలం ఉందని నేను ఒప్పుకుంటున్నాను. ఏదైనా చెడు జరిగినప్పుడు పరిస్థితిని కారణంగా చూపడం నేరస్తులు మాత్రమే చేసే పని కాదు, ఆరోగ్యంగా ఉన్న మనుషులందరూ చేసేదే. నేను పుట్టుకతోనే చెడ్డవాణ్ని అని పూర్తిగా ఒప్పుకున్నవాడు మారడానికి కారణమే మిగలదు. జరిగినదానికి చెప్పే కారణాన్ని, జరగబోయేదానికి తీసుకునే అనుమతిని వేరు చేయాలి. ఆ రోజుల్లో అప్పుల్లో ఉన్నాను అని చెప్పేవాణ్ని చెప్పనివ్వొచ్చు. అప్పుల్లో ఉన్నవాడు వాడుకుంటే తప్పేముంది అన్నప్పుడు మాత్రం ఊరుకోకూడదు.

అందుకే పట్టుబడ్డాక చేసే విచారణకన్నా అంతకుముందు మాట పుట్టే చోట చేసే పని మీద నాకు నమ్మకం ఎక్కువ. నియమం ఎంత అస్పష్టంగా ఉంటే సాకుకు అంత చోటు దొరుకుతుంది. సంఘం సొమ్మును దుర్వినియోగం చేయరాదు అన్న నియమం కింద కార్యదర్శి సర్దుబాటు చేసుకోగలడు. సభ్యుడు కట్టిన సొమ్ము అదే రోజు సాయంత్రం లోపు ఖాతాలో ఎక్కాలి, ఒక్క రోజు ఆలస్యమైనా, తిరిగి కట్టినా, అది 314వ సెక్షన్ కింద నేరమయ్యే పని కావచ్చు అని క్యాష్ కౌంటర్ దగ్గరే రాసి పెడితే, సర్దేస్తాను అనుకునేవాడికి ఆ మాట నోట్లోనే అడ్డుపడుతుంది. సభ్యుడు కట్టిన వెంటనే అతడి ఫోనుకు మిగిలిన బాకీతో సందేశం వెళ్తే మధ్యలో వాడుకునే వ్యవధే ఉండదు. కంపెనీల విషయంలో లెక్కల కాలం చివర్లో రాసిన పద్దులను ఎస్‌ఏ 240 విడిగా పరీక్షించమంటుంది. ఆడిట్ కమిటీలు ఆ పద్దుల జాబితాను తెప్పించుకుని, ప్రతి పద్దు పక్కన దాన్ని రాసినవారి పేరు, రాయమన్నవారి పేరు, కారణం ఒక్క వాక్యంలో అడగాలి. కర్త లేని వాక్యం వస్తే, అంటే సర్దుబాటు జరిగింది, తేడా వచ్చింది అని వస్తే, దాన్ని వెనక్కి పంపి ఎవరు, ఏం, ఎందుకు చేశారో రాయమనాలి.